వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్ళు ఏ పేజీలో వెనుదిరుగుతున్నారు?

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్ళని కదిపితే చాలామంది నోట వచ్చే మాట ఒకటే. "నెలకి ఎనభై వేల హిట్లు వస్తున్నాయండీ, ఆర్డర్లు మాత్రం పదుల్లోనే ఉంటున్నాయి." ఆ ఎనభై వేలలో మనుషులెందరు, వాళ్ళు ఏ పేజీలు తిరిగారు, చివరికి ఏ పేజీ చూసి వెళ్ళిపోయారు అని అడిగితే సమాధానం ఉండదు. నిజానికి సమాధానం వాళ్ళ దగ్గరే ఉంది. సైట్‌కి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీ కంప్యూటర్ దాన్ని రోజూ రాసి పెడుతూనే ఉంటుంది. తెరిచి చూసేవాళ్ళు తక్కువ. చూసినా పైనున్న పెద్ద అంకె చదివి మూసేస్తారు.

ఆ లెక్కలు చదవడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. భాగహారం వస్తే చాలు. ఏ అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలియాలి, ఏ పేజీ నుంచి జనం వెళ్ళిపోవడం మామూలో, ఏ పేజీ నుంచి వెళ్ళిపోతే నష్టమో విడదీసి చూడాలి. ఇందుకు ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. మంగళగిరిలో చేనేత చీరలమ్మే చిన్న దుకాణం, దానికో వెబ్‌సైట్. దుకాణం ఊహే, కింద ఇచ్చే అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. చదివే పద్ధతి మాత్రం ఏ సైట్‌కైనా ఇదే.

ఒక్క వరుసలో ఉన్నదంతా

ఎవరైనా ఫోన్‌లో ఒక పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వర్ ఒక ఫైల్‌లో ఒక వరుస రాసుకుంటుంది. ఈ ఫైల్‌ని లాగ్ అంటారు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది:

```
203.0.113.25 - - [14/Mar/2025:20:41:07 +0000] "GET /delivery HTTP/1.1" 200 5120 "https://example.com/sarees/12" "Mozilla/5.0 (Linux; Android 14)"
```

మొదటిది వచ్చినవాళ్ళ ఇంటర్నెట్ చిరునామా. ఆ తర్వాత తేదీ, సమయం. `GET` పక్కన ఉన్నది వాళ్ళు అడిగిన పేజీ. ఇక్కడ డెలివరీ ఛార్జీల పేజీ. `200` అంటే పేజీ సవ్యంగా అందింది. పేజీ దొరక్కపోతే అక్కడ `404` పడుతుంది. 5120 అనేది పంపిన బైట్ల లెక్క. ఆ తర్వాత ఉన్న చిరునామా, ఇక్కడికి రాకముందు వాళ్ళున్న పేజీ. అంటే పన్నెండో నంబరు చీర చూసి, దాని నుంచి డెలివరీ పేజీకి వచ్చారు. చివరిది వాళ్ళ బ్రౌజర్ వివరం. ఆండ్రాయిడ్ ఫోన్ అని తెలుస్తోంది.

సమయం దగ్గర ఒక మెలిక ఉంది. `+0000` అంటే అది మన గడియారం కాదు, అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన సమయం కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. అలా కలిపితే ఈ మనిషి డెలివరీ పేజీ చూసింది మార్చి 15 తెల్లవారుజామున 2 గంటల 11 నిమిషాలకి. ఆ వేళ మంగళగిరిలో ఎవరూ చీరలు వెతకరు. అదే సమయం అమెరికాలోని డాలస్‌లో శుక్రవారం మధ్యాహ్నం 3 గంటల 41 నిమిషాలు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇలాంటి వరుసలు నెలకి వేలల్లో పడతాయి కాబట్టి ఎవరూ కూర్చుని చదవరు. వాటిని కూడి పట్టికలుగా చూపించే ప్రోగ్రాములున్నాయి. హోస్టింగ్ కంపెనీలు చాలావరకు ఇచ్చే సీప్యానెల్‌లో `Metrics` అనే విభాగంలో `Awstats` కనిపిస్తే అది నొక్కండి. చిన్న సైట్‌కి ఆ పట్టికలు సరిపోతాయి. గూగుల్ ఎనలిటిక్స్, మటోమో లాంటివి ఇంకో దారిలో పనిచేస్తాయి. పేజీలో చిన్న కోడ్ ముక్క పెడితే, అది చూసేవాళ్ళ బ్రౌజర్‌లోంచి లెక్క పంపుతుంది. ప్రకటనలు ఆపే సాధనాలు వాడేవాళ్ళ దగ్గర ఆ కోడ్ నడవకపోవచ్చు. సర్వర్ లాగ్‌లోనేమో మనుషులు కానివి కూడా నమోదవుతాయి. అందుకే ఒకే నెలకి ఈ రెండూ చూపించే అంకెలు కలవవు. కలవడం లేదని కంగారు పడక్కర్లేదు. ఏదో ఒకదాన్ని పట్టుకుని, ఈ నెలని పోయిన నెలతో దానిలోనే పోల్చుకుంటే చాలు.

నాలుగు అంకెలు, నాలుగు అర్థాలు

మన చీరల దుకాణానికి ఒక నెల లెక్క ఇలా ఉందనుకుందాం: హిట్లు 86,000. పేజీలు 6,200. సందర్శనలు 1,500. సందర్శకులు 1,050.

హిట్ అంటే సర్వర్‌ని అడిగిన ప్రతి ముక్కా. చీరల పేజీలో 30 ఫొటోలుంటే, ఆ పేజీ ఒక్కసారి తెరిస్తే పేజీకి ఒక హిట్, ఫొటోలకి ముప్ఫై, అలంకారపు ఫైళ్ళకి మరికొన్ని. భోజనానికి ఒక్కరొస్తే, విస్తట్లో వడ్డించిన పప్పు, కూర, పచ్చడి, చారు ఒక్కోదాన్ని ఒక్కో మనిషిగా లెక్కేసినట్టు. ఫొటోలు పెంచితే హిట్లు పెరుగుతాయి, కొనేవాళ్ళు కాదు. ఈ అంకెని పక్కన పెట్టేయండి.

పేజీ అంటే ఫొటోలూ అవీ తీసేయగా మిగిలిన అసలు పేజీల లెక్క. సందర్శన అంటే ఒకరు వచ్చి, నాలుగు పేజీలు తిరిగి వెళ్ళడం. వెళ్ళిన సంగతి సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? తెలియదు. వెళ్ళొస్తామని ఎవరూ చెప్పరు కదా. కొంతసేపు ఆ చిరునామా నుంచి అలికిడి లేకపోతే వెళ్ళిపోయారని అనుకుంటుంది. ఆ గడువు గూగుల్ ఎనలిటిక్స్‌లో మామూలుగా 30 నిమిషాలు, ఎడబ్ల్యుస్టాట్స్‌లో గంట. మధ్యాహ్నం చీర చూసి, రాత్రి ఇంట్లోవాళ్ళకి చూపించి కొంటే అవి రెండు సందర్శనలు. మధ్యాహ్నం వచ్చినప్పుడు "వదిలేసి వెళ్ళినట్టు" పడిన లెక్క నిజానికి వదిలేయడం కాదు.

నాలుగోది సందర్శకులు. వినడానికి మనుషుల లెక్కలా ఉంటుంది గాని, సర్వర్‌కి కనిపించేది చిరునామాలే. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే చిరునామాని ఎందరో పంచుకోవచ్చు. ఒకే మనిషి ఇంట్లో వైఫై మీద ఒక చిరునామాతో, బస్సులో మొబైల్ డేటా మీద ఇంకో చిరునామాతో కనిపించవచ్చు. కాబట్టి 1,050 అంటే దాదాపుగా అన్నమాట, తలకాయలు లెక్కపెట్టినట్టు కాదు.

మనకి కావలసిన పట్టిక ఈ నాలుగింటి కింద ఉంటుంది. ఎడబ్ల్యుస్టాట్స్‌లో `Pages-URL` అనే చోట ప్రతి పేజీ ఎదురుగా కనిపించే అంకెల్లో మనకి మూడు కావాలి. ఎన్నిసార్లు చూశారు (`Viewed`), ఎన్ని సందర్శనలు ఆ పేజీతో మొదలయ్యాయి (`Entry`), ఎన్ని ఆ పేజీతో ముగిశాయి (`Exit`).

| పేజీ | చూసిన సార్లు | మొదలు | ముగింపు |
|---|---|---|---|
| ముందు పేజీ | 1,300 | 740 | 370 |
| చీరల వరస | 1,700 | 250 | 250 |
| విడి చీరల పేజీలు | 2,000 | 380 | 360 |
| డెలివరీ ఛార్జీలు | 500 | 20 | 240 |
| ఫోన్, చిరునామా | 260 | 100 | 150 |
| మా గురించి | 60 | 10 | 10 |
| కార్ట్ | 220 | 0 | 30 |
| చెల్లింపు | 100 | 0 | 30 |
| కృతజ్ఞతల పేజీ | 60 | 0 | 60 |

మొదలు వరస కూడితే 1,500, ముగింపు వరస కూడినా 1,500. ప్రతి సందర్శనకీ ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి కాబట్టి ఈ రెండు మొత్తాలూ సందర్శనల లెక్కకి దగ్గరగా రావాలి. బాగా తేడా ఉంటే పట్టికలో కొన్ని పేజీలు దాగి ఉన్నాయని అర్థం, మొత్తం జాబితా తెరిచి చూడాలి.

పెద్ద అంకె దొంగ కాదు

ముగింపు వరస పైపైన చూస్తే ముందు పేజీ మీద అనుమానం వస్తుంది. 370 మంది అక్కడి నుంచే పోయారు, ముందు పేజీ మార్చేద్దాం అనిపిస్తుంది. ఇక్కడే డిజైన్ మార్పులకి డబ్బు తగలేసేది. ముందు పేజీని 1,300 సార్లు చూశారు. ఎక్కువమంది నడిచే గుమ్మం నుంచి ఎక్కువమంది బయటికి పోతారు, అందులో వింత లేదు. చూడాల్సింది వంతు. ముగింపుని చూసిన సార్లతో భాగించి వందతో గుణించాలి.

అలా చేస్తే ముందు పేజీ 28 శాతం. చీరల వరస 15, విడి చీరలు 18, కార్ట్ 14, చెల్లింపు 30, డెలివరీ 48, ఫోన్ పేజీ 58, కృతజ్ఞతల పేజీ నూటికి నూరు.

ఇప్పుడు ఇంకో పొరపాటు ఎదురవుతుంది. శాతం ఎక్కువున్నదే చెడ్డ పేజీ అనుకుంటే, అన్నిటికన్నా చెడ్డది కృతజ్ఞతల పేజీ కావాలి. అది డబ్బు కట్టేశాక కనిపించే పేజీ. అక్కడ జనం వెళ్ళిపోవాల్సిందే. ఫోన్ పేజీదీ దాదాపు అదే సంగతి. నంబరు చూసుకుని ఫోన్ చేస్తారు, లేదా దుకాణం ఎక్కడుందో చూసుకుని బయల్దేరతారు. ఆ పేజీ పని అదే. అందుకే అంకె చూడకముందే ఒక కాగితం మీద ప్రతి పేజీ ఎదురుగా, ఇక్కడికి వచ్చినవాళ్ళు తర్వాత ఎటు వెళ్ళాలని మనం అనుకుంటున్నామో రాసుకోవాలి. ముందు పేజీ నుంచి చీరల వరసకి, వరస నుంచి విడి చీరకి, అక్కడి నుంచి డెలివరీ చూసుకుని మళ్ళీ చీరకి వచ్చి కార్ట్‌కి, కార్ట్ నుంచి చెల్లింపుకి. ఈ దారి మధ్యలో ఉండి, ముగింపు శాతం చుట్టుపక్కల పేజీలకంటే బాగా ఎక్కువున్న పేజీ ఏదో, అనుమానించాల్సింది దాన్ని.

మన పట్టికలో అది డెలివరీ పేజీ. అక్కడ సందర్శన మొదలుపెట్టినవాళ్ళు 20 మందే. మిగతా అందరూ ఏదో చీర నచ్చి, పంపడానికి ఎంతవుతుందో తెలుసుకుందామని వచ్చినవాళ్ళు. సైట్‌లో కొనడానికి అంత దగ్గరగా వచ్చినవాళ్ళు ఇంకెక్కడా అంతమంది లేరు. అలాంటి పేజీ తెరిచిన ప్రతి రెండుసార్లకీ దాదాపు ఒకసారి ప్రయాణం అక్కడే ముగిసింది.

ఎందుకో పట్టిక చెప్పదు

పట్టిక ఎక్కడ అన్నది చూపిస్తుంది. ఎందుకు అన్నది మనం తవ్వుకోవాలి. ఆ 240 ముగింపుల వెనుకున్న వరుసల్లో ఒక ఇరవై ముప్ఫై విడిగా తీసి చదివితే చాలు, ఏదో ఒక పోలిక కనిపిస్తుంది. మన ఉదాహరణలో పైన చూపించిన వరుస లాంటివే మళ్ళీ మళ్ళీ వస్తాయనుకుందాం. చీర పేజీ నుంచి రావడం, మన లెక్కన అర్ధరాత్రి దాటాక రావడం, డెలివరీ పేజీతో ఆగిపోవడం. దేశాల పట్టిక తెరిస్తే అమెరికా, గల్ఫ్ దేశాల పేర్లు పైన ఉన్నాయి.

ఇప్పుడు ఆ పేజీని వాళ్ళ కళ్ళతో చదవాలి. "భారతదేశంలో ఎక్కడికైనా ఉచిత డెలివరీ. విదేశాలకు ఛార్జీల కోసం ఫోన్ చేయండి." అంతే ఉంది. డాలస్‌లో ఆఫీసు పని మధ్యలో చీర చూస్తున్న మనిషికి, మంగళగిరిలో రాత్రి రెండు దాటిందని తెలుసు. ఫోన్ చెయ్యడు. తర్వాత చేద్దామనుకుంటాడు, మర్చిపోతాడు. చీర బాగాలేదనో, ధర ఎక్కువనో కాదు వెళ్ళిపోయింది. అడిగిన ప్రశ్నకి పేజీలో జవాబు లేక వెళ్ళిపోయాడు. ఈ ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి వాట్సాప్‌లో వచ్చిన పాత మెసేజీలు చూడాలి. "అండీ, అమెరికాకి పంపుతారా? రెండు చీరలకి ఎంతవుతుంది?" అనే మాట పదేపదే కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

దిద్దుబాటు ఖర్చులేనిది. కొరియర్ వాళ్ళ దగ్గర దేశాలవారీ ధరలు కనుక్కుని, అమెరికాకి కిలోకి ఇంత, దుబాయ్‌కి ఇంత, మామూలుగా ఇన్ని రోజులు పడుతుంది, కిలోకి దాదాపు ఇన్ని నూలు చీరలు తూగుతాయి అని అదే పేజీలో రాయడం. అమెరికాలో పార్సిల్ మీద పడే కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలో కూడా అక్కడే చెప్పడం.

కనిపించని నిష్క్రమణలు

ఈ పట్టికలకి పట్టుబడనివి కొన్ని ఉన్నాయి. మన దగ్గర చిన్న వ్యాపారాల్లో అన్నిటికన్నా పెద్దది వాట్సాప్. చీర పేజీలో ఉన్న వాట్సాప్ బటన్ నొక్కితే మనిషి సైట్ వదిలి వాట్సాప్‌లోకి వెళ్తాడు. మన సర్వర్‌కి ఆ నొక్కు కనిపించదు. చీర పేజీ నుంచి వెళ్ళిపోయిన 360లో ఎన్ని అలా ఆర్డర్లయ్యాయో పట్టిక చెప్పలేదు. తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఒకటుంది. బటన్ వెనుక ఉన్న లింకులోనే చీర నంబరుతో మెసేజీ రాసి పెట్టడం:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Saree%2012
```

నొక్కగానే వాట్సాప్‌లో ఆ మాటలు సిద్ధంగా ఉంటాయి, పంపితే చాలు. ఏ చీర పేజీ నుంచి వచ్చారో మెసేజీయే చెబుతుంది. నెలాఖరున వాటిని లెక్కపెట్టి పట్టిక పక్కన రాసుకుంటే, వదిలేసి పోయారనుకున్నవాళ్ళలో కొందరు కొన్నవాళ్ళేనని తేలుతుంది.

వాట్సాప్‌తో ఇంకో చిక్కు. ఎవరైనా మన చీర లింకుని కుటుంబం గ్రూపులో పెడితే, అక్కడి నుంచి వచ్చినవాళ్ళకి ముందు పేజీ చిరునామా ఉండదు. పట్టికలో వాళ్ళు నేరుగా వచ్చినవాళ్ళలో కలిసిపోతారు. చేనేత చీర ఒక్కోటి ఒక్క ముక్కే కాబట్టి, అమ్ముడైపోగానే దుకాణం వాళ్ళు ఆ పేజీ తీసేస్తుంటారు. లింకు మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. నొక్కినవాళ్ళకి పేజీ దొరకలేదన్న `404` ఎదురవుతుంది, అక్కడి నుంచి అటే పోతారు. ఈ పోవడం ముగింపు వరసలో పడదు, ఎందుకంటే ఎడబ్ల్యుస్టాట్స్ దొరకని పేజీలని పేజీలుగానే లెక్కించదు. వాటి జాబితా కింద లోపాల పట్టికలో విడిగా ఉంటుంది. అందులో చీరల చిరునామాలు కనిపిస్తే, పేజీ తీసేయకుండా "ఈ చీర అమ్ముడైంది, ఇదే రంగులో ఇవి ఉన్నాయి" అని ఉంచడం మేలు.

చెల్లింపు పేజీ దగ్గర కూడా తొందరపడి తీర్పు చెప్పకూడదు. యూపీఐలో డబ్బు కట్టేవాళ్ళు ఫోన్‌లో ఇంకో యాప్‌లోకి వెళ్తారు. డబ్బు కట్టాక తిరిగి సైట్‌కి రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తే కృతజ్ఞతల పేజీ తెరుచుకోదు. పట్టికలో అది మధ్యలో వదిలేసినట్టే పడుతుంది, బ్యాంకులో మాత్రం డబ్బు జమైపోయి ఉంటుంది. కాబట్టి అక్కడి 30 ముగింపులని చెల్లింపుల సంస్థ ఇచ్చే జాబితాతో సరిచూడాలి. డబ్బు పడనివే నిజంగా పోయిన ఆర్డర్లు.

ఇక మనుషులు కానివాళ్ళు. గూగుల్, బింగ్ లాంటి వెతుకుడు సంస్థల రోబోలు పేజీలన్నీ చదివి పోతుంటాయి. పేరు చెప్పుకుని వచ్చేవాటిని ఎడబ్ల్యుస్టాట్స్ విడిగా పెడుతుంది. మామూలు బ్రౌజర్ వేషంలో వచ్చేవి మాత్రం మనుషుల్లో కలిసిపోతాయి. వాటిని పట్టడానికి గుర్తులున్నాయి. ఒకే చిరునామా రెండు నిమిషాల్లో రెండొందల పేజీలు తెరుస్తుంది. పేజీ అడుగుతుంది గాని అందులో ఫొటోలు అడగదు. సైట్‌లో లేనే లేని `/wp-login.php` లాంటి పేజీలకోసం తడుముతుంది. చీర కొనాలనుకునే ఏ మనిషీ ఇలా చెయ్యడు. దుకాణంలోవాళ్ళు రోజూ సైట్ తెరిచి చూసుకునేది కూడా లెక్కలో పడుతుంది. సెట్టింగుల్లో మన చిరునామాని మినహాయించుకోవచ్చు.

చివరిగా సమయం. ఎవరు ఏ పేజీలో ఎంతసేపున్నారనేది లాగ్ లెక్కల్లో, ఆ పేజీ అడిగిన సమయానికీ తర్వాతి పేజీ అడిగిన సమయానికీ మధ్య తేడా. ఆఖరి పేజీకి తర్వాతిది లేదు కాబట్టి అక్కడ ఎంతసేపున్నారో తెలియదు. ఒక్క పేజీయే చూసి వెళ్ళినవాళ్ళ సమయం సున్నా అని పడుతుంది. వాళ్ళు పది నిమిషాలు చదివి ఉండొచ్చు. "సగటున అరనిమిషం కూడా ఉండట్లేదు" అని దిగులు పడేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మార్పు పనిచేసిందా?

డెలివరీ పేజీ మార్చాక వారం తిరక్కుండానే పట్టిక తెరిచి చూడబుద్ధవుతుంది. ఆ వారంలో 40 సార్లు చూశారు, 16 సార్లు అక్కడితో ముగిసింది అనుకుందాం. అంటే 40 శాతం. 48 నుంచి 40కి దిగింది, పనిచేసింది అనేయొచ్చా? అనకూడదు. 40 అన్నది చిన్న సంఖ్య. ముగ్గురు అటూ ఇటూ అయితే శాతం 32 కావచ్చు, 48 కూడా కావచ్చు.

ఎంత అటూ ఇటూ కావచ్చో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. చూసిన సార్ల సంఖ్యకి వర్గమూలం తీసి, ఒకటిని దాంతో భాగించాలి. 100 సార్లయితే వర్గమూలం 10, అంటే పది శాతం అటూ ఇటూ. 400 అయితే అయిదు శాతం. 40 అయితే దాదాపు పదహారు శాతం. పదహారు శాతం ఊగే అంకెలో ఎనిమిది శాతం తేడా చూసి సంబరపడటానికి ఏమీ లేదు. నెల ఆగాలి.

నెల తర్వాత 520 సార్లు చూశారు, 170 సార్లు అక్కడ ముగిసింది. అంటే 33 శాతం. 500 దగ్గర ఊగేది నాలుగయిదు శాతమే కాబట్టి 48కీ 33కీ మధ్య తేడా గట్టిదే. అయినా ఇంకో ప్రశ్న ఉంది. శ్రావణ మాసమో, పెళ్ళిళ్ళ కాలమో వచ్చి కొనే ఉద్దేశంతో ఉన్నవాళ్ళే ఎక్కువ వచ్చి ఉంటే? దానికి మనం ముట్టుకోని పేజీలే సాక్ష్యం. ముందు పేజీ 28 నుంచి 27కి, చీరల వరస 15 నుంచి 15కే ఉంటే, గాలి మారలేదు, మారింది డెలివరీ పేజీయే. అన్ని పేజీల శాతాలూ కలిసి దిగితే ఆ ఘనత సీజన్‌ది. ఒకేసారి మూడు పేజీలు మార్చినవాళ్ళకి ఇలా చెప్పుకునే వీలుండదు. అందుకే ఒక నెలలో ఒక్క మార్పే చెయ్యాలంటారు.

ఆఖరి పరీక్ష దారి చివర ఉంది. డెలివరీ పేజీలో ఆగిపోయేవాళ్ళు తగ్గి, కార్ట్ దగ్గర ఆగిపోయేవాళ్ళు అంతకంత పెరిగితే మనం సాధించింది ఏమీ లేదు. వాళ్ళు రెండడుగులు ముందుకొచ్చి అదే కారణంతో వెళ్ళిపోయారు. కృతజ్ఞతల పేజీ లెక్క, దానికి వాట్సాప్ ఆర్డర్లు కలిపి, పోయిన నెలకన్నా పెరిగితేనే మార్పు పనిచేసినట్టు.

సైట్ ఉన్నవాళ్ళు ఈ నెలాఖరున ఒక గంట కేటాయించండి. హిట్ల అంకె వైపు చూడకుండా నేరుగా పేజీల పట్టిక తెరవండి. ప్రతి పేజీ ఎదురుగా అక్కడి నుంచి జనం ఎటు వెళ్ళాలో రాసుకోండి. దారి మధ్యలో ఉండి ఎక్కువ వంతు వెళ్ళిపోతున్న ఒకే ఒక్క పేజీని ఎంచుకుని, వాళ్ళు అడగబోయే ప్రశ్నకి జవాబు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయండి. సైట్ మొత్తం మార్చడానికి డబ్బు ఖర్చు పెట్టడం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.